మేకపిల్ల కథకి మూడు మార్కులేనా?

"మాస్టారికి నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. మా వీధి పిల్లలు పగలు ఒడియా బడికి వెళ్తారు, సాయంత్రం మా వసారాలో నేను తెలుగు నేర్పుతున్నాను. మూడు నుంచి ఐదో తరగతి వరకు 14 మంది. మొన్న కథ రాయమని పదికి మార్కులు వేశాను. మూడో తరగతి బాబుకి 3, ఐదో తరగతి పాపకి 9 వచ్చాయి. బాబు వాళ్లమ్మ వచ్చి 'మా వాడు మొదటిసారి సొంతంగా కథ రాస్తే మూడేనా?' అని బాధపడింది. అప్పటినుంచీ నాకూ టెన్షన్‌గానే ఉంది. వరుస చూడాలి, వివరాలు చూడాలి, వాక్యాలు రకరకాలుగా ఉన్నాయా చూడాలి అంటారు గానీ, ఏ వయసు పిల్లల దగ్గర ఎంత ఆశించాలో తెలియడం లేదు. ఇద్దరి కథలూ పంపుతున్నాను."

అమ్మా,

రెండు కథలూ రెండేసి సార్లు చదివాను. బాబు కథ చిన్నది కాబట్టి ఉన్నది ఉన్నట్టు, తప్పులతో సహా ఇక్కడ ఇస్తున్నాను. చదివేవాళ్లకి కథ కళ్ల ముందు ఉండాలి.

"మా మేకపిల్ల పేరు రాజా. రాజా తప్పిపోయింది. నేను ఏడిచాను. అమ్మ ఏడవకు అంది. నేను ఏటికి వెల్లాను. రాజా లేదు. తర్వాత సంతకి వెల్లాను. రాజా లేదు. తర్వాత తాత వచ్చాడు. తాత చెప్పాడు మేక బడి కాడ ఉంది. తర్వాత బడికి వెల్లాను. రాజా అన్నం తింటొంది. ముక్కు మీద పప్పు ఉంది. నేను నవ్వాను. పొద్దున తాడు కట్టడం మరిచిపొయాను. తర్వాత ఇంటికి వచ్చాము."

మీరు దీని మీద ఎర్ర పెన్నుతో ఎనిమిది చోట్ల గుర్తులు పెట్టారు. ఐదు అక్షర దోషాలకి, రెండు "తర్వాత"లకి, ఒకటి చివర్లో ఉన్న తాడు వాక్యానికి. తాడు వాక్యం పక్కన "వరుస తప్పింది" అని రాశారు. ముక్కు మీద పప్పు ఉన్న వాక్యం దగ్గర ఏ గుర్తూ లేదు. నేను చదివేటప్పుడు మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. అందుకే మొదట ఒక్క పని చేయమంటాను. ఏ కథనైనా మొదటిసారి చదివేటప్పుడు చేతిలో పెన్ను పెట్టుకోకండి. చదవడం అయ్యాక కాగితం బోర్లించి, కథలో మీకు ఏం గుర్తుందో మనసులో అనుకోండి. గుర్తున్నదంతా కథ బలం. ఏం జరిగిందో తెలియక మీరు తడుముకున్న చోటు కథ బలహీనత. మార్కులు వేయాల్సింది ముందు ఈ రెంటికీ. పెన్ను చేతిలో ఉంటే కన్ను ముందు అక్షరాల మీదికే పోతుంది. అది మీ తప్పు కాదు, మన అందరికీ అలవాటైపోయింది.

ఇక వయసు సంగతి. మీ దగ్గరున్న పిల్లలకి రెండు వయసులు ఉన్నాయని గుర్తుంచుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. కథ చెప్పే వయసు ఒకటి, తెలుగు రాసే వయసు ఇంకొకటి. ఈ బాబుకి ఎనిమిదేళ్లు. పుట్టినప్పటినుంచీ ఇంట్లో తెలుగే వింటున్నాడు, వాళ్ల తాత చెప్పే కబుర్లు వింటున్నాడు. అంటే కథ చెప్పడంలో వాడికి నిండా ఎనిమిదేళ్లూ ఉన్నాయి. కానీ తెలుగు అక్షరాలతో పరిచయం మీ వసారాలో మొదలైంది. మీరు నేర్పడం మొదలుపెట్టి ఏడాదో ఏడాదిన్నరో అయి ఉంటే, రాతలో వాడు ఒకటో రెండో తరగతి పిల్లాడి కిందే లెక్క. శ్రీకాకుళంలో తెలుగు బడిలో చదివే మూడో తరగతి పిల్లాడితో వాడి రాతని పోల్చకూడదు. వరుసా, వివరమూ కథ చెప్పే వయసుతో చూడండి. వాక్యాల తీరు రాసే వయసుతో చూడండి. ఇంతకన్నా నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు, మిగతాదంతా దీన్ని అమలు చేయడమే.

ఇందులో సందేహం వస్తే తీర్చుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కాపీ చూపించకుండా, "మీ మేక తప్పిపోయిన సంగతి నాకు చెప్పరా" అనండి. నోటితో చెప్పేటప్పుడు సంతలో ఎవరిని అడిగాడో, తాత ఎక్కడినుంచి వచ్చాడో అన్నీ చెప్పి, రాసేటప్పుడు వదిలేశాడంటే, వాడికి కథ రాక కాదు. ఒక్కో అక్షరం గుర్తుచేసుకుని రాసేసరికి చెయ్యి నొప్పిపుట్టి, మాటలు తగ్గించుకున్నాడన్నమాట. నోటితో చెప్పినా అంతే పొడిగా చెప్పాడంటే, అప్పుడు కథ చెప్పడమే నేర్పాలి. ఈ రెండింటికీ మందు వేరు. మొదటివాడికి రాత సులువు చేయాలి. వాడు చెబుతుంటే అప్పుడప్పుడూ మీరే రాసిపెట్టినా నష్టం లేదు. రెండోవాణ్ణి ప్రశ్నలు అడిగి కథని పెంచాలి.

ఇప్పుడు వరుస దగ్గరికి వద్దాం. వరుస బాగుందో లేదో చూడడానికి నేను కాపీ పక్కన పెన్సిల్‌తో అంకెలు వేసేవాణ్ణి. వాక్యాల లెక్క కాదు, జరిగిన లెక్క. నిజంగా ముందు జరిగినదానికి 1, తర్వాత జరిగినదానికి 2, అలా. ఈ కథకి వేసి చూడండి. తాడు కట్టడం మరిచిపోవడం 1. మేక తప్పిపోవడం 2. ఏడవడం 3, అమ్మ మాట 4, ఏరు 5, సంత 6, తాత రావడం 7, తాత చెప్పడం 8, బడికి వెళ్లడం 9, పప్పు ముక్కు 10, నవ్వు 11, ఇల్లు 12. కాగితం మీద ఇవి 2 నుంచి 11 దాకా ఒక్కటి కూడా తప్పకుండా వరసగా వచ్చాయి. 11కీ 12కీ మధ్య మాత్రం 1 వచ్చి కూర్చుంది. మీరు తప్పు అన్నది దీన్నే.

ఆ వాక్యం ఎలా మొదలైందో చూడండి. "పొద్దున" అని మొదలుపెట్టాడు. వరుస తెలియక తికమకపడిన పిల్లాడు ఆ మాట పెట్టడు. "తాడు కట్టలేదు" అని మధ్యలో పడేసి పోతాడు, అది ఎప్పటి సంగతో మనకి తెలియదు. వీడు "పొద్దున" అన్నాడంటే, ఇప్పుడు వెనక్కి వెళ్తున్నానని మనకి చెప్పే వెళ్లాడు. మేక దొరికాక, నవ్వాక, "అరె, తప్పు నాదే కదా" అని వాడికి అప్పుడు తట్టింది. అది జరిగిన వరుస కాదు, వాడికి గుర్తొచ్చిన వరుస. మూడో తరగతిలో ఇది తప్పు కాదు సరికదా, కారణం పట్టుకున్నాడని సంతోషపడాల్సిన చోటు. చాలామంది మూడో తరగతి పిల్లలు ఏం జరిగిందో చెబుతారు గానీ ఎందుకు జరిగిందో చెప్పరు.

నిజంగా వరుస దెబ్బతింటే ఎలా ఉంటుందంటే, అంకెలు వేస్తే 3, 7, 2, 9 అని వస్తాయి, ఒక్కదానికీ "పొద్దున", "అంతకుముందు", "మొన్న" లాంటి మాట ఉండదు. లేదా మధ్యలో ఒక అంకె మాయమవుతుంది. మాయమైన అంకెలు తప్పు అంకెల కన్నా కనిపెట్టడం కష్టం. ఈ కథలోనే ఒకటుంది. మేక బడి దగ్గర ఉందని తాతకి ఎలా తెలిసింది? చూశాడా, ఎవరైనా చెప్పారా? బాబుకి తెలుసు కాబట్టి రాయలేదు. ఎదుటివాడికి తెలియదు అన్న ఎరుక ఎనిమిదేళ్ల పిల్లలకి రాతలో పూర్తిగా రాదు, ఎందుకంటే మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లు "ఎలా తెలిసిందిరా?" అని అడుగుతారు, కాగితం అడగదు. కాబట్టి మూడో తరగతిలో దీనికి మార్కు తీయను, ప్రశ్న మాత్రం వేస్తాను. ఐదో తరగతిలో అయితే ఒక మార్కు తీస్తాను.

తరగతుల వారీగా వరుసలో నేను ఆశించేది చెబుతాను, ఇది నా అనుభవం మీద చెప్పేదే. మూడో తరగతిలో ఒక సంగతి మొదలై, ఏదో ఒక చిక్కు వచ్చి, అది తీరిందని తెలిస్తే చాలు. నాలుగో తరగతిలో ఎక్కడినుంచి ఎక్కడికి కదిలారో, ఎంతసేపటికో పాఠకుడు వెతుక్కోకుండా తెలియాలి. ఐదో తరగతికి వచ్చేసరికి ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందని కనపడాలి, వెనక్కి వెళ్లాలనుకుంటే వెళ్లి మళ్లీ దారిలోకి రావడం తెలియాలి.

ఇప్పుడు మీ ఐదో తరగతి పాప కథ. మొత్తం ఇవ్వడానికి చోటు చాలదు, మొదటి మూడు వాక్యాలు చూద్దాం. "అనగనగా ఒక అందమైన ఊరిలో ఒక అందమైన పాప ఉండేది. ఆ పాప చాలా మంచిది. ఒకరోజు పాప అందమైన అడవికి వెళ్లి, అందమైన పువ్వులు చూసి, కోసి, దండ కట్టి, అమ్మకు ఇచ్చి, అన్నం తిని పడుకుంది." రాత ముత్యాల్లా ఉందని మీరు రాశారు, నిజమే. అక్షర దోషం ఒక్కటీ లేదు. కానీ ఒకసారి ఆ మూడో వాక్యానికి పెన్సిల్ అంకెలు వేయబోతే ఏమవుతుందో చూడండి. అడవిలో పూలు కోసింది, దండ కట్టింది, అమ్మకి ఇచ్చింది. అమ్మ అడవిలో ఉందా? ఇంటికి ఎప్పుడు వచ్చింది? "వెళ్లి, చూసి, కోసి" అని గొలుసు కట్టుకుంటూ పోతే వరుస ఉన్నట్టే వినిపిస్తుంది, అందుకే మీకు ఆ ఖాళీ కనపడలేదు. ఏరు, సంత, బడి అని ఒక్కో చోటూ చెప్పుకుంటూ పోయిన బాబు ఈ విషయంలో పాపకన్నా ముందున్నాడు.

వివరం సంగతికీ ఈ రెండు కథలే చాలు. పాప "అందమైన" అనే మాట మొదటి మూడు వాక్యాల్లో నాలుగుసార్లు వాడింది. ఊరు, పాప, అడవి, పువ్వులు అన్నీ అందమైనవే. అవన్నీ కొట్టేసి చదివితే కథకి ఏం పోయింది? ఏమీ పోలేదు. బాబు కథలో "ముక్కు మీద పప్పు ఉంది" కొట్టేసి చదవండి. కథే చప్పబడిపోయింది, "నేను నవ్వాను" ఎందుకో కూడా అర్థం కాదు. కొట్టేస్తే కథకి నష్టం వచ్చేదే వివరం. విశేషణాల లెక్క వివరాల లెక్క కాదు. మనం పిల్లలకి "వర్ణించి రాయండి" అని చెబితే వాళ్లు "అందమైన, పచ్చని, చల్లని" అని అతికించడం నేర్చుకుంటారు, అది మనం అడిగినదే కదా. "నీకు అక్కడ ముందు ఏం కనపడింది, ఏం వినపడింది?" అని అడిగితే పప్పు ముక్కులు బయటికి వస్తాయి. మీ ఒడిశా బడుల్లో మధ్యాహ్నం పెట్టే డాల్మా అయి ఉంటుంది అది. ఆ గిన్నెల వాసన నాకు ఆ ఒక్క వాక్యంలో వచ్చింది.

అయితే బాబు వివరాల్లోనూ వెలితి ఉంది, అది ఒప్పుకోవాలి. ఏరు అన్నాడు, సంత అన్నాడు, రెండు చోట్లా "రాజా లేదు" తప్ప ఇంకేమీ లేదు. వంశధార ఒడ్డున ఎవరైనా ఉన్నారా, సంతలో మేకలు అమ్మే చోటికి వెళ్లాడా, వేరే మేకని చూసి రాజా అనుకున్నాడా, ఏదీ తెలియదు. మూడో తరగతిలో కథ మొత్తానికి కళ్లకి కట్టే వివరం ఒకటి ఉంటే చాలు అనుకుంటాను, రెండు ఉంటే పూర్తి మార్కులు. ఐదో తరగతిలో కథలోని ముఖ్యమైన ప్రతి చోటుకీ ఒక్కటైనా ఉండాలి, మనుషులు ఏం మాట్లాడుకున్నారో వాళ్ల మాటల్లోనే కొంత వినపడాలి.

పాప కథలో మీరు గుండ్రంగా చుట్టి తప్పు అని పెట్టిన ఒక మాట ఉంది. మధ్యలో "మర్నాడు పాప మళ్లీ దండ కట్టింది. దారం తెగిపోతే నా రిబ్బను ఇప్పి కట్టాను" అని రాసింది. పాప కాస్తా "నేను" అయిపోయింది కాబట్టి మీరు తప్పు పట్టారు. ఐదో తరగతిలో అది తప్పే, కాదనను. కానీ దాని అర్థం వేరు. అంతవరకూ పుస్తకంలో చదివిన పాప గురించి రాసిన ఈ అమ్మాయి, అక్కడ తన సంగతి రాసేసింది. కథంతటిలో నిజంగా జరిగినది అదొక్కటే, మిగతాదంతా అచ్చు కథల నుంచి తెచ్చుకున్నది. కాబట్టి తప్పుని తప్పుగా చూపించండి, దానితోపాటే "ఈ రిబ్బను కథ నీదేనా? అదే మొదటినుంచీ 'నేను' అని రాస్తావా?" అని అడగండి. నాకైతే ఆ పాప రెండోసారి రాసే కథ మొదటిదానికన్నా ఎంతో బాగుంటుందని గట్టిగా అనిపిస్తోంది.

ఇక వాక్యాలు. మూడింటిలోనూ పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే, ఎందుకంటే రకరకాల వాక్యాలు అనగానే మనకి పొడుగు వాక్యాలు గుర్తొస్తాయి. బాబు కథలో 16 వాక్యాలు ఉన్నాయి. "అమ్మ ఏడవకు అంది" అనేది తప్ప మిగతావాటిలో దాదాపు అన్నీ ఒకే అచ్చు, ఎవరు, ఏం చేశారు, అంతే. "తర్వాత" నాలుగుసార్లు వచ్చింది. మీరు వాటిలో రెండు కొట్టేశారు. కానీ ఆ వయసు రాతకి "తర్వాత" ఊతకర్ర లాంటిది. ఇంకో మాట చేతికివ్వకుండా కర్ర లాగేస్తే పిల్లాడు వాక్యాలే తగ్గిస్తాడు. ముందు ఇంకో దారి చూపించి, తర్వాత అది తీసేయాలి.

తెలుగులో ఆ దారి పిల్లల నోట్లోనే ఉంది. "వెళ్లి చూశాను", "వెళ్తుంటే కనపడింది", "వెళ్లినా దొరకలేదు", "వెళ్లేసరికి తింటోంది" — ఇవన్నీ వాడు రోజూ మాట్లాడేవే. వ్యాకరణంలో ఇలాంటివాటికి క్త్వార్థకం, చేదర్థకం, అప్యర్థకం లాంటి పేర్లున్నాయి, అవి పిల్లలకి అక్కర్లేదు. వాడి వాక్యాలు రెండే తీసుకుని నోటితో ఆడండి. "నేను ఏటికి వెళ్లాను. రాజా లేదు." ఈ రెండూ కలిపి ఒకటిగా చెప్పరా అనండి. "ఏటికి వెళ్తే రాజా లేదు" అంటాడు. ఇంకోలా? "ఏటికి వెళ్లినా రాజా కనపడలేదు." ఇంకోలా? "ఏటికి వెళ్లి చూశాను, లేదు." మూడూ పలకమీద రాసి, నీకు ఏది నచ్చిందో కాపీలో పెట్టుకో అనండి. వాడి సొంత కథలో రెండు చోట్ల ఇలా చేస్తే చాలు, మొత్తం కథ తిరగరాయించకండి. అదే పనిగా తిరగరాయిస్తే మళ్లీ కథ అంటేనే విసుగు పుడుతుంది.

అన్నీ కలిపేయకూడదు కూడా. సంత దగ్గర రెండోసారి వచ్చిన "రాజా లేదు" అలాగే ఉండాలి. ఏటి దగ్గర లేదు, సంత దగ్గర లేదు అని ఒకే మాట రెండుసార్లు రావడంతోనే వెతుకులాట తెలుస్తోంది, మన అమ్మమ్మలు కథ చెప్పేటప్పుడు చేసేదీ ఇదే. పప్పు తర్వాత వచ్చే "నేను నవ్వాను" కూడా పొట్టిగానే బాగుంది. పొడుగు వాక్యాల మధ్య ఒక పొట్టి వాక్యం పడితే దానికి బలం వస్తుంది, అన్నీ పొట్టివే అయితే ఆ బలం పోతుంది. పాప గొలుసు వాక్యానికీ ఇదే లెక్క. వెళ్లి, చూసి, కోసి, కట్టి, ఇచ్చి, తిని అని ఆరు క్రియలు కట్టింది. మూడో తరగతిలో రాసి ఉంటే శభాష్ అనేవాణ్ణి. ఐదో తరగతిలో ఆ గొలుసుని ఎక్కడ తెంపాలో తెలియాలి. దండ కట్టింది అని ఒకచోట ఆపి, ఇంటికి వచ్చి అమ్మకి ఇచ్చింది అని మళ్లీ మొదలుపెడితే, వరుసలో చెప్పిన ఖాళీ కూడా పూడిపోయేది.

బాబు వాక్యాల్లో మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. "తాత చెప్పాడు మేక బడి కాడ ఉంది" అని రాశాడు. తెలుగులో మనం "మేక బడి కాడ ఉందని తాత చెప్పాడు" అంటాం. ఒడియాలో "కొహిలే జే" అని ముందు చెప్పాడని అనేసి, ఏం చెప్పాడో తర్వాత చెప్పే పద్ధతి ఉంది. పగలంతా బడిలో అది చదివి, రాసి వచ్చాడు కాబట్టి వాక్యం ఆ దారిన పోయి ఉండవచ్చు. అయినా అదే కథలో "అమ్మ ఏడవకు అంది" అని చక్కటి తెలుగు వాక్యం ఉంది చూశారా? అమ్మ మాట ఇంటిది, అది చెవిలో ఉంది. దాన్నే వేలుపెట్టి చూపించి, "అమ్మ మాట ఎలా రాశావో తాత మాట కూడా అలా రాయి" అనండి. "ఒరే, మీ మేక బడి కాడ ఉందిరా అన్నాడు తాత" అని రాస్తాడేమో చూడండి. అప్పుడు వాక్యం మారింది, వివరమూ పెరిగింది, తాత కూడా కథలోకి వచ్చాడు.

"కాడ" అన్న మాట మార్చకండి. మీకు దగ్గరే ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా కొట్లాడింది జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ ప్రాంతపు పిల్లాడు "బడి కాడ" అని రాస్తే ఎర్ర గీత పెట్టడం ఎలా? "ఏడిచాను" కూడా ఉండనివ్వండి. "దగ్గర", "ఏడ్చాను" అని కూడా అంటారని నాలుగో తరగతిలో చెప్పవచ్చు, రెండూ తెలిస్తే మంచిదే.

అక్షర దోషాలని ఈ పది మార్కుల్లో కలపకండి. వేరే చోట రాసుకోండి. ఐదు దోషాల్లో "వెల్లాను" మూడుసార్లు వచ్చింది, అంటే నిజానికి అది ఒక్క తప్పే. తెలుగు బడి పిల్లలూ ల, ళ దగ్గర తడబడతారు. మిగతా రెండు "తింటొంది", "మరిచిపొయాను". రెండింటిలోనూ ఓ ఉండాల్సిన చోట ఒ పెట్టాడు. ఒడియా లిపిలో ఎ, ఏ లకి వేరువేరు గుర్తులు లేవు, ఒ, ఓ లకీ లేవు. ఒక్కటే ఉంటుంది. వాడి చెయ్యి అక్కడ నేర్చుకున్నదే ఇక్కడ చేస్తోంది. ఇది మీ 14 మందిలో చాలామందికి ఉంటుంది, కావాలంటే కాపీలన్నీ ఈ ఒక్కదాని కోసం తిరగేసి చూడండి. ఉంటే ఒక సాయంత్రం కొడి-కోడి, మెడ-మేడ అని జంటలు పలికిస్తూ అందరికీ ఒకేసారి చెబితే సరిపోతుంది, ఒక్కొక్కరి కథ మీద ఎర్రగా దిద్దక్కర్లేదు.

ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో తరగతి అమ్మాయి ఒకతె తుఫాను రాత్రి గురించి రెండు పేజీలు రాసింది. ఇరవైకి పైగా తప్పులు దిద్ది, పేజీ ఎర్రగా చేసి ఇచ్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను. తర్వాతి వారం ఆ అమ్మాయి నాలుగు వాక్యాలు రాసింది. ఆవు, పాలు, అమ్మ, ఇల్లు. అన్నీ తనకి కచ్చితంగా రాయడం వచ్చిన మాటలే. ఒక్క తప్పు లేదు, ఒక్క కథా లేదు. మళ్లీ రెండు పేజీలు రాయించడానికి నాకు ఆ ఏడాది సరిపోలేదు. తప్పులు తగ్గాయంటే నేర్చుకున్నారని అనుకోవద్దు, ఒక్కోసారి భయపడి మాటలు దాచుకున్నారని అర్థం.

ఇక మార్కులు. పదిలో వరుసకి 4, వివరానికి 3, వాక్యాలకి 3 పెట్టుకోండి. వరుసకి ఒకటి ఎక్కువ ఎందుకంటే ఈ వయసులో అది నిలబడితే మిగతావి దాని మీద కట్టవచ్చు. బాబుకి వరుసకి 4, వివరానికి 2, వాక్యాలకి 1 వేస్తాను. మొత్తం 7. పాపకి ఐదో తరగతి లెక్కన వరుసకి 2, రిబ్బను వల్ల వివరానికి 2, వాక్యాలకి 2, మొత్తం 6. ఇదే మేక కథ ఐదో తరగతి పిల్లాడు రాసి ఉంటే వరుసకి 3, వివరానికి 1, వాక్యాలకి సున్నా, మొత్తం 4 వేసేవాణ్ణి. కథ అదే, మార్కులు మారాయి. బాబుకి పాపకన్నా ఎక్కువ వచ్చాయని ఎవరి ముందూ అనకండి. వాళ్లిద్దరూ ఒకే పరీక్ష రాయలేదు.

దిద్దేటప్పుడు కూడా తరగతులు కలపకండి. మూడో తరగతివి అన్నీ ఒకేసారి చదవండి, కాసేపు ఆగి నాలుగో తరగతివి. ఐదో తరగతి కాపీ తర్వాత వెంటనే మూడో తరగతిది చదివితే పాపం అది ఎప్పుడూ తక్కువగానే కనపడుతుంది. అన్నీ అయ్యాక మొదట దిద్దిన రెండు మూడు కాపీలు మళ్లీ తీయండి. మొదట్లో బిగించి, చివరికి వచ్చేసరికి సడలడం, లేదా మొదట్లో సడలించి చివర్లో బిగించడం అందరికీ జరుగుతుంది. చేతిరాత బాగున్నవాటిని ఇంకోసారి గట్టిగా చదివి వినండి. చెవికి చేతిరాత తెలియదు కాబట్టి అసలు కథ అప్పుడు బయటపడుతుంది.

బాబు వాళ్లమ్మతో మార్కుల గురించి వాదన పెట్టుకోవద్దు. ఆ కథ ఆవిడకి చదివి వినిపించండి. పప్పు దగ్గర ఆవిడ నవ్వుతుంది, అక్కడ ఆగి "ఈ వాక్యం మీ వాడిదేనమ్మా" అని చెప్పండి. ఏటి దగ్గరా సంతలోనూ ఏం చూశాడో ఇంట్లో అడగమనండి.

కాపీ మీద ఉన్న 3 కొట్టేసి 7 వేయండి, ఎందుకు మార్చారో బాబుకి మీ నోటితోనే చెప్పండి. పప్పు వాక్యం కింద ఒక గీత గీసి "ఇక్కడ నాకు రాజా కనిపించాడు" అని రాయండి. పేజీ అడుగున ఒక్క ప్రశ్న చాలు: "మేక బడి కాడ ఉందని తాతకి ఎలా తెలిసింది?" జవాబు తెలియకపోతే ఆ సాయంత్రమే వెళ్లి తాతని అడిగి రమ్మనండి.